వీధి పేరు, వార్డు నిర్ధారణ కోరుతూ మున్సిపల్ కమిషనర్‌కు ఉత్తరం

ప్రశ్న: 1998లో కొన్న మా ఇంటి దస్తావేజులో "8వ వార్డు, తాలూకాఫీసు వెనుక సందు, డోర్ నంబరు 8-112" అని ఉంది. ఇంటి పన్ను రసీదులో డోర్ నంబరు 8-3-47, కొత్తపేట అని వస్తోంది. మున్సిపల్ ఓటర్ల జాబితాలో మాది 23వ వార్డు. కొన్నేళ్ల కిందట సందు మొదట్లో "పొట్టి శ్రీరాములు వీధి" అని బోర్డు పెట్టారు. ఇంటి మీద రుణానికి వెళ్తే, అసలు వీధి పేరేమిటో, వార్డు ఏదో మున్సిపాలిటీ నుంచి రాయించుకు రమ్మని బ్యాంకు వకీలు గారు అంటున్నారు. కమిషనర్ గారికి ఉత్తరం ఎలా రాయాలి? ఏమేం జతచేయాలి?
ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: వకీలు గారు వీధి పేరు, వార్డు అని అడిగినా, ఆయన తేల్చుకోదలచిన విషయం వేరే ఉంది. దస్తావేజు షెడ్యూలులో వర్ణించిన ఇల్లూ, పన్ను రసీదులో కనిపిస్తున్న ఇల్లూ ఒకటేనా అన్నదే ఆయన సందేహం. తాకట్టు పెట్టుకున్నది ఏ ఇంటినో రేపు కోర్టులో చూపించవలసి వస్తే బ్యాంకు చేతిలో ఉండేవి ఈ కాగితాలే కాబట్టి, ఆ సందేహాన్ని ఆయన తప్పుపట్టలేని విధంగా తీర్చుకోవాలి. మీరు "మా ఇంటి చిరునామాను ధ్రువీకరించగలరు" అని ఒక్క వాక్యం రాసి ఇస్తే, "సదరు ఇల్లు కొత్తపేట ప్రాంతములో ఉన్నది" అనే ఒక్క వాక్యమే తిరిగి వస్తుంది. అందులో పాత డోర్ నంబరు ఉండదు, వార్డు అంటే ఏ వార్డో ఉండదు, సందు ఊసే ఉండదు. అందువల్ల ఉత్తరంలో ధ్రువీకరణ అన్న మాట కంటే, ఏ రిజిస్టరులో ఏమి నమోదై ఉన్నదో తెలియజేయమన్న మాట ముఖ్యం.

ఈ తేడా కార్యాలయం వైపు నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మీ ఉత్తరం ఇన్‌వార్డులో నమోదై, కమిషనర్ గారి సంతకంతో రెవెన్యూ విభాగానికి వెళ్తుంది. అక్కడి నుంచి క్షేత్ర పరిశీలన కోసం మీ ప్రాంతపు బిల్ కలెక్టరుకో వార్డు పరిపాలన కార్యదర్శికో చేరుతుంది, వారి నివేదిక మళ్లీ పైకి వచ్చి, దాని మీద ఆఫీసు నోట్ పెట్టి, చివరికి మీకు ఎండార్స్‌మెంట్ అనే లిఖిత జవాబు వస్తుంది. ఈ దారిలో సంతకం పెట్టే ప్రతివారికీ ఒకటే భయం ఉంటుంది: ఈ కాగితం రేపు యాజమాన్య వివాదంలో తన మెడకు చుట్టుకుంటుందేమోనని. "ధ్రువీకరించండి" అంటే ఆ భయం పెరిగి ఫైలు పక్కకు పోతుంది. "మీ అసెస్‌మెంట్ రిజిస్టరులో ఫలానా గడిలో ఏమున్నదో తెలపండి" అంటే రికార్డు చూసి రాసే పనే కాబట్టి రాయడానికి ఎవరూ వెనకాడరు.

ఇక వార్డు సంగతి. మీ కాగితాల్లో 8, 23 అనే రెండు అంకెలు ఉన్నాయి కాబట్టి వాటిలో ఒకటి తప్పని మీరు అనుకుంటున్నట్టున్నారు. చాలావరకు రెండూ సరైనవే అయి ఉంటాయి. మన పట్టణాల్లో వార్డు అనే ఒక్క పేరుతో వేర్వేరు అవసరాల కోసం గీసిన వేర్వేరు హద్దులు నడుస్తున్నాయి. మీ డోర్ నంబరులో మొదటి అంకె అయిన 8 పన్నుల కోసం, ఇళ్ల నంబర్ల కోసం ఏర్పరచిన రెవెన్యూ వార్డు, మధ్యలోని 3 ఆ వార్డులోని బ్లాకు, చివరి 47 ఇంటి సంఖ్య. ఈ రెవెన్యూ వార్డు హద్దులు ఒకసారి ఏర్పడితే సాధారణంగా కదలవు, ఎందుకంటే అవి కదిలితే వేల ఇళ్ల నంబర్లు మార్చవలసి వస్తుంది. 23 అనేది కౌన్సిలర్‌ను ఎన్నుకునే ఎన్నికల వార్డు. జనాభా లెక్కను బట్టి దాని హద్దులు మళ్లీ మళ్లీ గీస్తారు, అంకెలు కూడా మారుతాయి. 2021 మార్చిలో జరిగిన పురపాలక ఎన్నికలకు ముందు రాష్ట్రంలో చాలా పట్టణాల్లో అలా గీశారు. అందుకే 2014లో ఓటు వేసినప్పుడు ఒక వార్డులో ఉన్న ఇల్లు, గడప కూడా కదలకుండానే, 2021లో ఇంకో వార్డులోకి వెళ్లిపోయి ఉండవచ్చు.

ఈ రెండూ కాక 2019లో వచ్చిన వార్డు సచివాలయాల సంఖ్య మరొకటి ఉంది. సుమారు 4,000 జనాభాకు ఒకటి చొప్పున వాటిని ఏర్పాటు చేశారు కాబట్టి ఒకే ఎన్నికల వార్డులో రెండు సచివాలయాలు ఉండవచ్చు. సచివాలయం సంఖ్యను వార్డు సంఖ్యగా రాసుకున్న ఆధార్ కార్డులూ గ్యాస్ పుస్తకాలూ ఊరి నిండా ఉన్నాయి. పాత పట్టణమైతే టౌన్ సర్వే రికార్డులో ఉండే వార్డు, బ్లాకు, టీఎస్ నంబరు కూడా వేరుగా ఉంటాయి. దస్తావేజు షెడ్యూలులో టీఎస్ నంబరు రాసి ఉన్నదేమో ఒకసారి చూసుకోండి. ఉంటే, "8వ వార్డు" అన్న మాట డోర్ నంబరు తాలూకు వార్డు గురించి రాశారా, టౌన్ సర్వే వార్డు గురించి రాశారా అన్నది ఆ వాక్యం చదివితేనే తెలుస్తుంది. కాబట్టి మీ ఉత్తరంలో ఎక్కడా "వార్డు" అని ఒంటిగా రాయవద్దు. ప్రతిచోటా రెవెన్యూ వార్డు అనో ఎన్నికల వార్డు అనో విడదీసి రాయండి, జవాబు కూడా అలాగే విడదీసి ఇమ్మని అడగండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోనందువల్లనే ఎక్కువ జవాబులు పనికిరాకుండా పోతాయి.

సందు పేరు విషయం ఇంకొంచెం చిక్కైనది. వీధికి పేరు పెట్టే అధికారం పురపాలక సంఘానిది. ఆ పేరు మినిట్స్ పుస్తకంలో కౌన్సిల్ తీర్మానంగా, సంఖ్యతో, తేదీతో ఉండాలి. ఆచరణలో మాత్రం వీధివాసులు చందాలు వేసుకుని బోర్డు పెట్టుకోవడం, విగ్రహావిష్కరణ రోజున ఒక నాయకుడు వేదిక మీద పేరు ప్రకటించడం, ఆ పేరే నెమ్మదిగా పోస్ట్‌మన్ నోట పడడం మామూలే. బోర్డు ఎంత పెద్దదైనా తీర్మానానికి సాక్ష్యం కాదు. అలాగని బోర్డు మీది పేరు తప్పని కూడా చెప్పలేము, తీర్మానం జరిగి ఉండి, పన్నుల రిజిస్టరులోకి ఎక్కకపోయి ఉండవచ్చు. పన్నుల రిజిస్టరులో సాధారణంగా సందుల పేర్లు ఉండవు, పేటల పేర్లే ఉంటాయి. మీ రసీదులో కొత్తపేట అని ఉన్నదంటే అది మీ సందు పేరును కాదనడం కాదు, ఆ గడిలో ప్రాంతం పేరు మాత్రమే రాశారని అర్థం. ఇక "తాలూకాఫీసు వెనుక సందు" అన్నది 1998లో దస్తావేజు లేఖరి రాసుకున్న గుర్తు కావచ్చు. దస్తావేజుల్లో ఇలాంటి వాడుక పేర్లు కోకొల్లలు. వాటిని లేఖరి తప్పుగా ఎంచనవసరం లేదు, ఎందుకంటే ఆస్తిని గుర్తించేది ప్రధానంగా నాలుగు వైపుల హద్దులూ కొలతలూ నంబర్లూ గనుక. అందువల్ల సందు పేరు గురించి రెండు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. రికార్డులో ఏ పేరు ఉన్నది, కొత్త పేరుకు కౌన్సిల్ తీర్మానం ఉన్నదా. మొదటిదానికి రెవెన్యూ విభాగం జవాబిస్తుంది, రెండోదానికి తీర్మానాలు భద్రపరిచే విభాగం జవాబివ్వాలి, వీధుల సంగతి కాబట్టి టౌన్ ప్లానింగ్ విభాగాన్ని కూడా అడుగుతారు.

మీకు అన్నిటికంటే అవసరమైనది మాత్రం మీరు అడగాలని అనుకోని ప్రశ్న: 8-112 అనే పాత నంబరే ఇప్పుడు 8-3-47 అయిందా? పాత నంబరులో బ్లాకు లేదు, కొత్తదానిలో ఉంది. అంటే మధ్యలో ఎప్పుడో ఇళ్లకు కొత్త నంబర్లు వేశారు. ఆ మార్పు జరిగిన కాలపు అసెస్‌మెంట్ రిజిస్టరులో కొత్త నంబరు పక్కన పాత నంబరు రాసి ఉండాలి. ఈ ఒక్క లంకె దొరికితే వకీలు గారి సందేహం ముప్పాతిక వంతు తీరిపోతుంది, వీధి పేరు తేడా చిన్నదైపోతుంది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు తెలిపే రిజిస్ట్రేషన్ పత్రం, తీసేటప్పుడు కూడా ఈ లంకె అవసరమే. కొత్త నంబరుతో మాత్రమే వెతికితే 1998 నాటి లావాదేవీ కనిపించకపోవచ్చు, పాత నంబరు ఇస్తేనే వెతుకులాట పూర్తవుతుంది.

ఉత్తరం రాయడానికి ముందు ఒక పని చేయండి. ఇప్పటి పన్ను రసీదును, మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే పాత రసీదును పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఇప్పటి కంప్యూటర్ రసీదు మీద అసెస్‌మెంట్ నంబరు, యజమాని పేరు, డోర్ నంబరు, ప్రాంతం, ఏ అర్ధసంవత్సరానికి ఎంత కట్టారు అన్న వివరాలు ఉంటాయి. చేత్తో రాసిచ్చిన పాత రసీదుల మీద చాలాసార్లు డోర్ నంబరు పక్కన గీత గీసి పాతదో కొత్తదో రెండో నంబరు వేసి ఉంటుంది. ఆ చిన్న గీత పక్కన 8-112 కనిపిస్తే, మీ ఉత్తరానికి అంతకు మించిన జతపత్రం లేదు. అదే విధంగా మీ రెండు పక్కల ఇళ్ల ఇప్పటి డోర్ నంబర్లు రాసుకోండి. ఇటు 8-3-46, అటు 8-3-48 ఉన్నాయనుకుందాం. ఆ ఇళ్ల యజమానుల పేర్లు మీ దస్తావేజు హద్దుల్లో ఉన్న పేర్లతో, లేదా వారి తండ్రుల పేర్లతో, కలుస్తున్నాయేమో చూడండి. పరిశీలనకు వచ్చిన ఉద్యోగి ఇల్లు గుర్తించేది ఇలాగే.

ఇప్పుడు ఉత్తరం. ఈ నమూనాలో మీరు చెప్పిన వివరాలే పెట్టాను, పక్క ఇళ్ల నంబర్లు, దిక్కులు మాత్రం ఊహించి రాసినవి, వాటిని సరిచేసుకోండి. చుక్కలు ఉన్నచోట మీ కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అంకె కూడా తేడా రాకుండా నింపుకోండి.

తేదీ: ...........

గౌరవనీయులైన కమిషనర్ గారికి,
........... పురపాలక సంఘ కార్యాలయము,
........... పట్టణము, పశ్చిమ గోదావరి జిల్లా.

అయ్యా,

విషయము: డోర్ నంబరు 8-3-47 గల ఇంటికి సంబంధించి రికార్డు ప్రకారము వీధి పేరు, రెవెన్యూ వార్డు, ఎన్నికల వార్డు మరియు పాత డోర్ నంబరు వివరములు తెలియజేయుట గురించి.

సూచిక: 1. అసెస్‌మెంట్ నంబరు ...........
2. ........... సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో నమోదైన 1998వ సంవత్సరపు ........... నంబరు దస్తావేజు.

పై విషయములో తమకు మనవి చేయునది ఏమనగా, నేను సూచిక 2లోని దస్తావేజు ద్వారా కొనుగోలు చేసిన ఇంటికి తమ కార్యాలయములో సూచిక 1లోని అసెస్‌మెంట్ నంబరు కింద నా పేరున ఆస్తి పన్ను చెల్లించుచున్నాను. ........... అర్ధసంవత్సరము వరకు పన్ను చెల్లించియున్నాను.

సదరు దస్తావేజులో ఈ ఇల్లు 8వ వార్డు, తాలూకాఫీసు వెనుక సందు, డోర్ నంబరు 8-112గా వర్ణించబడినది. ప్రస్తుత పన్ను రసీదులో డోర్ నంబరు 8-3-47, కొత్తపేటగా ఉన్నది. ఇంటికి తూర్పున డోర్ నంబరు 8-3-46, పడమర డోర్ నంబరు 8-3-48 గల ఇండ్లు ఉన్నవి.

బ్యాంకు రుణము నిమిత్తము ఈ కింది వివరములు తమ కార్యాలయ రికార్డుల ప్రకారము నాకు లిఖితపూర్వకముగా తెలియజేయవలసినదిగా కోరుచున్నాను.

1. డోర్ నంబరు 8-3-47 గల ఇంటికి అసెస్‌మెంట్ రిజిస్టరులో పాత డోర్ నంబరుగా ఏ నంబరు నమోదై ఉన్నది?
2. సదరు ఇల్లు ఏ రెవెన్యూ వార్డు, ఏ బ్లాకులో ఉన్నది?
3. ఈనాటికి అమలులో ఉన్న వార్డుల విభజన ప్రకారము సదరు ఇల్లు ఏ ఎన్నికల వార్డులో ఉన్నది?
4. సదరు ఇల్లు ఉన్న వీధికి లేదా సందుకు తమ రికార్డులలో ఏ పేరు నమోదై ఉన్నది? ప్రత్యేకముగా ఏ పేరూ నమోదు కానిచో ఆ విషయమే తెలియజేయగలరు.
5. అదే వీధికి "పొట్టి శ్రీరాములు వీధి" అని పేరు పెట్టుచూ కౌన్సిల్ తీర్మానము ఏదైనా చేయబడి ఉన్నచో, దాని సంఖ్య, తేదీ తెలియజేయగలరు.

ఈ వివరములను నేను ఇంటి గుర్తింపు కొరకు మాత్రమే కోరుచున్నాను. యాజమాన్య హక్కు నిర్ధారణ గాని, రికార్డులలో మార్పు గాని ఈ ఉత్తరము ద్వారా కోరుట లేదు.

భవదీయుడు,
(సంతకము)
పేరు, ప్రస్తుత నివాసము, ఫోన్ నంబరు

జతపరచినవి: ప్రస్తుత పన్ను రసీదు నకలు, పాత పన్ను రసీదు నకలు, దస్తావేజు మొదటి పుట మరియు షెడ్యూలు పుటల నకళ్లు, ఇంటి స్థానము చూపు చేతి చిత్రము, వీధి బోర్డు ఫొటో.

చివరి పేరా అనవసరమని మీకు అనిపించవచ్చు. దాన్ని తీసివేయవద్దు. ఇందాక చెప్పిన భయాన్ని తీర్చేది ఆ రెండు వాక్యాలే. రెండో వాక్యానికి ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. రికార్డులో మార్పు కోరితే అది వేరే దరఖాస్తు అవుతుంది, దానికి విచారణ, అవసరమైతే పక్కవారికి నోటీసు, కంప్యూటర్ రికార్డులో మార్పుకు అనుమతి అన్నీ కావాలి. వివరాలు అడగడం, వీధి పేరు సరిచేయమనడం, పేరు మార్పు ఒకే ఉత్తరంలో కలిపి రాస్తే, అన్నిటికంటే నెమ్మదిగా నడిచే పనితోపాటు మిగిలినవి కూడా ఆగిపోతాయి. ముందు ఉన్నది ఏమిటో రాయించుకోండి. మార్చవలసినది ఏదైనా ఉంటే ఆ జవాబునే జతచేసి తర్వాత వేరుగా రాయవచ్చు.

నాలుగో ప్రశ్నలో "ఏ పేరూ నమోదు కానిచో ఆ విషయమే తెలియజేయగలరు" అన్న వాక్యం కూడా తెలిసి పెట్టినదే. సందుకు రికార్డులో పేరు లేకపోతే ఆ ప్రశ్నను వదిలేసి మిగిలిన వాటికి మాత్రమే జవాబు రాయడం ఆఫీసుల్లో అలవాటు. అప్పుడు వకీలు గారు మళ్లీ వెనక్కి పంపుతారు. "రికార్డులో సందుకు ప్రత్యేకంగా పేరు లేదు, ప్రాంతము కొత్తపేటగా నమోదై ఉన్నది" అని వస్తే అది మీకు పూర్తిగా పనికివచ్చే జవాబు. దస్తావేజులోని పేరు వాడుక పేరని, దానికి పోటీగా వేరే అధికారిక పేరు లేదని దాన్ని బట్టి తేలుతుంది. మూడో ప్రశ్నలో "ఈనాటికి అమలులో ఉన్న" అని రాసింది కూడా అందుకే. ఎన్నికల వార్డు అనేది తేదీతో ముడిపడిన సంగతి కాబట్టి, తేదీ లేని జవాబు తర్వాతి విభజన జరగగానే అనుమానంలో పడుతుంది.

చేతి చిత్రం అంటే కొలతలతో గీసిన ప్లాను కాదు. ఒక తెల్లకాగితం మీద పెద్ద రోడ్డు, సందు మొదలు, బోర్డు ఉన్నచోటు, సందులో మీ ఇల్లు ఎన్నోది, రెండు పక్కల ఇళ్ల డోర్ నంబర్లు, ఉత్తర దిక్కు గుర్తు ఉంటే చాలు. ఒక పాత తాలూకాఫీసు భవనం లాంటి అందరికీ తెలిసిన గుర్తు కూడా వేయండి. దస్తావేజు మొత్తం నకలు ఇవ్వవలసిన అవసరం లేదు. కొన్న ధర, సాక్షుల వివరాలు ఉన్న పుటలు ఈ పనికి అక్కరలేదు. ఆధార్ నకలు అడిగితే ఇవ్వండి గాని, దాని మీద ఉన్న వార్డు సంఖ్యను ఆధారంగా ఉత్తరంలో ఎత్తవద్దు. అది మీరు చెప్పగా రాసుకున్నదే కాబట్టి ఆఫీసుకు దానివల్ల తెలిసేదేమీ ఉండదు. పన్ను బకాయి ఉంటే ముందు కట్టేయండి. బకాయి ఉన్న అసెస్‌మెంట్ మీద ఏ కాగితం అడిగినా మాట పన్ను దగ్గరికే వెళ్తుంది.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకుని ఇన్‌వార్డులో ఇచ్చి, మీ ప్రతి మీద కార్యాలయ ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నా సరిపోతుంది గాని, మీరు అదే ఊళ్లో ఉన్నారు కాబట్టి స్వయంగా ఇవ్వడమే మేలు. వార్డు సచివాలయంలో ఇస్తే చాలదా అంటే, వారు పరిశీలన చేసేవారే గాని కౌన్సిల్ తీర్మానాలు వారి దగ్గర ఉండవు. అందుకే ఉత్తరం కమిషనర్ పేరునే ఉండాలి. ఉత్తరం ఇచ్చాక సచివాలయంలోని వార్డు పరిపాలన కార్యదర్శిని కలిసి ఒక నకలు చూపి, పరిశీలనకు ఎప్పుడు వస్తారో అడగండి. ఆ రోజు పాత రసీదు అసలుతో సహా ఇంట్లో ఉండండి. "అంతా సరిగానే ఉంది సార్, మీది ఇరవై మూడే" అని నోటితో చెప్పి వెళ్లిపోతే పని అయినట్టు కాదు, వారి నివేదిక ఫైలులోకి వెళ్లాలి.

జవాబు చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. మొదట చూడవలసింది అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు. 8-3-47 బదులు 8-3-47/1 అని పడితే అది మీ ఇంటి వెనుక వాటా అయిపోతుంది. ఇలాంటి అంకె పొరపాట్లు కంప్యూటర్‌లో కాగితం తయారు చేసేటప్పుడే జరుగుతాయి, అక్కడికక్కడ చెప్తే మార్చి ఇస్తారు, నెల తర్వాత చెప్తే మళ్లీ కొత్త ఫైలు. తర్వాత వార్డు అన్నచోట ఏ వార్డో రాశారా చూడండి. ఆ పైన సంతకం, హోదా ముద్ర, ఫైలు నంబరు, తేదీ. సంతకం కమిషనర్‌ది గాని, ఆయన తరఫున సంతకం చేయడానికి అధికారం ఉన్న అధికారిది గాని అయి ఉండాలి. బిల్ కలెక్టరు తెల్లకాగితం మీద రాసిచ్చిన దాన్ని బ్యాంకు తీసుకోదు. "ఈ ఎండార్స్‌మెంట్ యాజమాన్య హక్కుకు ఆధారము కాదు" అని చివర ఒక వాక్యం ఉంటే కంగారు పడవద్దు, మీరు అడిగింది కూడా అంతవరకే.

జవాబు రాకపోతే ఏం చేయాలి? నెల రోజులు చూసి, ఇన్‌వార్డు నంబరు ఉటంకిస్తూ ఒక జ్ఞాపిక ఇవ్వండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ పెట్టవచ్చు గాని, నా అభిప్రాయంలో ఇలాంటి రికార్డు సంగతికి అంతకంటే సమాచార హక్కు దరఖాస్తు మంచిది. 2005 నాటి ఆ చట్టం సెక్షన్ 6 కింద అదే కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే లేదా అసంపూర్ణంగా ఇస్తే మరో 30 రోజుల్లోపు సెక్షన్ 19 కింద మొదటి అప్పీలు వేయవచ్చు. అయితే అక్కడ ప్రశ్నల రూపం మార్చాలి. సమాచార హక్కు కింద ఉన్న రికార్డు నకలు ఇస్తారు గాని, నిర్ధారణ గాని అభిప్రాయం గాని రాసివ్వరు. కాబట్టి "ఏ వార్డులో ఉన్నది" అని కాక, "అసెస్‌మెంట్ నంబరు ఫలానా కలిగిన ఇంటికి సంబంధించిన అసెస్‌మెంట్ రిజిస్టరు పుట నకలు, ఇళ్లకు కొత్త నంబర్లు వేసినప్పటి రిజిస్టరులో 8-3-47కు సంబంధించిన పుట నకలు, ప్రస్తుత 23వ ఎన్నికల వార్డు హద్దులు తెలిపే నోటిఫికేషన్ నకలు, వీధి పేరుకు సంబంధించిన కౌన్సిల్ తీర్మానము నకలు" అని అడగండి, నకళ్లు ధ్రువీకరించి ఇమ్మని రాయండి. ధ్రువీకరించిన రిజిస్టరు పుట నకలు ఒక్కోసారి ఎండార్స్‌మెంట్ కంటే వకీలుకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అందులో పాత నంబరు ఆయన కళ్లకే కనిపిస్తుంది.

జవాబులో పాత నంబరు లంకె దొరకని పరిస్థితి కూడా రావచ్చు. పాత రిజిస్టర్లు చెదలు పట్టి, వరద నీటిలో తడిసి పోయిన కార్యాలయాలు లేకపోలేదు. అప్పుడు "పాత డోర్ నంబరు వివరములు రికార్డులలో లభ్యము కాలేదు" అని వస్తుంది. ఆ పక్షంలో ఆధారం హద్దుల వైపు నుంచి రావాలి: మీ దస్తావేజు, మీకు అమ్మినవారి లింకు దస్తావేజు, పక్క ఇంటివారి దస్తావేజులో మీ ఇంటిని హద్దుగా పేర్కొన్న పుట, 1998 నుంచి వరుసగా ఉన్న పన్ను రసీదులు, అదే ఇంటికి పాత నంబరుతో ఉన్న కరెంటు సర్వీసు కాగితం. వీటిని చూపి, రెండు నంబర్లూ ఒకే ఇంటివని మీ పేరున ప్రమాణపత్రం రాయించుకుని బ్యాంకు ముందుకు వెళ్లవచ్చు. అది చాలుతుందా లేదా అన్నది ఆ వకీలు గారే చెప్పాలి కాబట్టి, అంత దూరం వెళ్లే ముందు ఆయననే అడిగి తెలుసుకోండి.

దస్తావేజులో వీధి పేరు మార్చడానికి సవరణ దస్తావేజు రాయించుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడవద్దు. దానికి 1998లో మీకు అమ్మినవారు, వారు లేకపోతే వారసులు వచ్చి సంతకాలు చేయాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు అవుతుంది. హద్దులూ కొలతలూ సరిగా ఉండి, పాత నంబరుకూ కొత్త నంబరుకూ లంకె రికార్డులో ఉన్నప్పుడు, వాడుక పేరు కోసం ఆ పని చేయించే వకీళ్లు తక్కువ. ఆధార్‌లోనూ బ్యాంకు ఖాతాలోనూ చిరునామా మార్చుకోవాలనుకుంటే మున్సిపాలిటీ జవాబు వచ్చాక, అందులో ఉన్న పేరుతోనే, అన్నిచోట్లా ఒకే రకంగా మార్చుకోండి. ఎన్నికల వార్డు సంఖ్యను మాత్రం చిరునామాలో పెట్టించుకోకండి. డోర్ నంబరు, వీధి, పేట, పట్టణం, పిన్‌కోడ్ ఉంటే ఉత్తరం మీ గుమ్మానికి చేరుతుంది, వార్డుల హద్దులు మళ్లీ గీసినప్పుడు మీ కాగితాలు మార్చుకోవలసిన అవసరమూ ఉండదు.